జీవిత భాగస్వామి ఫోన్ గురించి సణగకుండా చెప్పడం ఎలా?

“పక్కనే కూర్చుంటారు, కానీ చూపంతా ఫోన్ మీదే. ఏమైనా అంటే సణుగుతున్నానంటారు. అనకపోతే నాలో నేనే కుమిలిపోతున్నాను. అసలు ఎలా చెప్పాలి?” భార్యలూ అడుగుతారు, భర్తలూ అడుగుతారు, ప్రశ్న మాత్రం దాదాపు ఇదే మాటల్లో ఉంటుంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే పదిసార్లు చెప్పి ఉంటారు. ఆ పదిసార్లూ ఫోన్ చేతిలో ఉన్న క్షణంలోనే, విసుగు మీద, సగం మాటగా చెప్పి ఉంటారు. వినేవారికి అది సణుగుడుగా తోచడానికి కారణం అదే. విషయాన్ని ఒక్కసారి, సరైన వేళలో, పూర్తిగా చెప్పి, ఒక చిన్న ఒప్పందానికి వచ్చి, ఆపైన నోరు మెదపకుండా ఉండటం ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

ఒక ఉదాహరణను చివరిదాకా వెంట ఉంచుకుందాం. కూకట్‌పల్లిలో ఉంటున్న ఒక జంట అనుకోండి. ఆమె బ్యాంకులో పని చేస్తుంది. ఆయన అమెరికా క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇచ్చే ఉద్యోగి కాబట్టి రాత్రి పదకొండు దాకా ఎప్పుడైనా ఫోన్ రావచ్చు. పగలంతా ఇద్దరూ చెరో చోట ఉంటారు, ఒకచోట కూర్చునేది రాత్రి భోజనానికి మాత్రమే. ఆ అరగంటలో కూడా ఆయన కుడిచేయి కంచంలో, ఎడమచేయి ఫోన్ మీద ఉంటుంది.

కావలసినవి

- ఒక వారం ఓపిక
- ఎవరికీ కనబడనవసరం లేని చిన్న కాగితం
- ఇద్దరే ఉండే పదిహేను నిమిషాలు, ఆ సమయంలో ఎవరూ ఎక్కడికీ పరుగెత్తనవసరం లేకుండా
- ఒప్పందాన్ని మీరు కూడా పాటించే సంసిద్ధత. ఇది లేకపోతే మిగతావి మొదలుపెట్టకండి.

1. ఒక్క వేళను ఎంచుకోండి

“ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్ చూడకు” అన్న కోరిక నెరవేరదు, నెరవేరిందో లేదో కొలవడమూ కుదరదు. రోజులో మీకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే ఒక్క వేళను తీసుకోండి. అది రాత్రి భోజనం కావచ్చు, పొద్దున్న కాఫీ తాగే వేళ కావచ్చు, పిల్లలు పడుకున్నాక దొరికే అరగంట కావచ్చు. అరగంట చాలు, గంటకు మించవద్దు. మిగతా సమయంలో ఆ మనిషి ఫోన్ చూస్తే చూడనివ్వండి. దీన్ని ఒప్పుకోవడానికి మనసు మొరాయిస్తుంది గానీ, ఒక వేళ కుదురుకున్నాకే రెండోదాని గురించి అడిగే హక్కు పుడుతుంది.

2. వారం రోజులు ఏమీ అనకుండా గమనించండి

ఎంచుకున్న వేళలో ఏం జరుగుతోందో రాసుకోండి. ఫోన్ ఎప్పుడు చేతిలోకి వచ్చింది, మోగినందుకా ఊరికేనా, ఏం చూశారు, అప్పుడు మీరు ఏం మాట్లాడుతున్నారు, ఈ నాలుగు సంగతులు చాలు. భుజం మీదుగా తొంగి చూడకండి. మామూలుగా కంటికి కనబడినంతే రాయండి. భాగస్వామి ఫోన్ తీసి అందులోని స్క్రీన్ టైమ్ లెక్కలు చూడటం మాత్రం పొరపాటున కూడా చేయవద్దు. ఆ సంగతి బయటపడిన రోజు చర్చ ఫోన్ వాడకం నుంచి అనుమానం మీదికి మళ్ళుతుంది, మళ్ళీ వెనక్కి రాదు.

మన ఉదాహరణలో ఆమె వారంలో ఆరు రాత్రులు ఆయనతో కలిసి భోంచేసింది. ఐదు రాత్రులు ఫోన్ చేతిలోకి వచ్చింది. వాటిలో రెండుసార్లు నిజంగా ఆఫీసు ఫోనే. మిగతా మూడుసార్లు ఏమీ మోగలేదు. ఆయన ఫోన్ తీసి, ఆఫీసు గ్రూపు చూసి, అక్కడి నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపులోకి, అక్కడి నుంచి క్రికెట్ స్కోరులోకి వెళ్ళిపోయారు. కాగితం మీద ఆమె ఊహించని సంగతి ఇంకొకటి కూడా తేలింది. ఐదింటిలో మూడు రాత్రులు ఫోన్ పైకి లేచిన సమయానికి ఆమె మాట్లాడుతున్నది ఈఎంఐ గురించో, అత్తగారి మందుల బిల్లు గురించో. దినమంతా అలసి వచ్చిన మనిషికి అన్నం ముందు లెక్కలు వినబడితే చూపు పక్కకు పోవడంలో వింత లేదు. ఆ మనిషి తప్పును కడిగేయడానికి కాదు గానీ, మార్చగలిగిన కారణం ఒకటి మీ చేతిలో కూడా ఉందేమో తెలియడం మంచిదే.

మీ సొంత ఫోన్ సంగతి కూడా అదే కాగితం మీద నిజాయితీగా రాయండి. తరువాత అది అక్కరకు వస్తుంది.

3. చెప్పే వేళ, చోటు

ఫోన్ చేతిలో ఉండగా ఫోన్ గురించి మాట్లాడకండి. ఆ క్షణంలో మీ మాట ఎంత మెత్తగా ఉన్నా వినేవారికి పట్టుబడినట్టు అనిపిస్తుంది, పట్టుబడినవారు వాదించుకుంటారే తప్ప ఆలోచించరు. ఆఫీసు నుంచి వచ్చిన మొదటి అరగంట, పడుకునే ముందు, ఇద్దరిలో ఎవరికైనా ఆకలిగా ఉన్నప్పుడు కూడా వద్దు. ఆదివారం టిఫిన్ అయ్యాక, కాఫీ చేతిలో ఉన్న సమయం చాలా ఇళ్ళలో అనువుగా ఉంటుంది.

అత్తమామలతో కలిసి ఉండే ఇంట్లో చోటు దొరకడమే కష్టం. మేడ మీదికి బట్టలు తీయడానికి వెళ్ళినప్పుడో, కూరగాయలకు నడిచి వెళ్ళేటప్పుడో మాట్లాడవచ్చు. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఎదురెదురుగా కూర్చుని నిలదీసినట్టు ఉండదు. బైకు మీద మాత్రం వద్దు, సగం మాటలు గాలికి పోతాయి, మిగిలిన సగం అరుపుల్లా వినిపిస్తాయి. పెద్దల ముందు, పిల్లల ముందు, చుట్టాల ముందు నవ్వుతూ అన్నా సరే, అది నలుగురిలో పరువు తీయడమే అవుతుంది.

“నీతో ఒక విషయం మాట్లాడాలి” అని చెప్పి ఆపేయకండి. ఆ మాట వినగానే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. విషయం ఏమిటో, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పండి: “పెద్ద సంగతేం కాదండీ, రాత్రి భోజనాల వేళ గురించి ఒక మాట అనుకున్నాను. పది నిమిషాలు చాలు. ఇప్పుడు వీలవుతుందా, సాయంత్రం మాట్లాడుకుందామా?”

4. మొదటి మాట

ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే చాలామందికి పని చెడేది ఇక్కడే. అమెరికాలో దాంపత్య సంబంధాలను పరిశోధించిన సిబిల్ కారేర్, జాన్ గాట్‌మన్ 124 కొత్త జంటల వాదనలను రికార్డు చేసి, ఆరేళ్ళపాటు ఆ జంటలను గమనించి, 1999లో ఫలితాలు ప్రచురించారు. పదిహేను నిమిషాల మాటల్లో మొదటి మూడు నిమిషాలు నడిచిన తీరుకూ, ఆ జంట తరువాత విడిపోవడానికీ సంబంధం కనిపించింది. మన పనికి ఇందులో కావలసింది ఒక్కటే. మొదటి వాక్యం నింద అయితే మిగతా మాటలు దాన్ని సరిదిద్దలేవు.

మొదటి మాటలో మూడు భాగాలు ఉండాలి. జరిగిన ఒకే ఒక్క సంఘటన, దానివల్ల మీకు కలిగినది, మీరు కోరుతున్నది. కోరిక “చేయవద్దు” అన్నట్టు కాక “ఇలా చేద్దాం” అన్నట్టు ఉండాలి.

ఇలా అనకండి: “మీకు ఎప్పుడు చూసినా ఫోనే. నాకంటే అదే ఎక్కువైపోయింది. మా అక్కా వాళ్ళాయన అన్నం తినేటప్పుడు ఫోన్ ముట్టనే ముట్టడు.”

ఇలా అనండి: “మొన్న బుధవారం రాత్రి మా మేనేజరు అన్న మాట చెబుతున్నాను కదా, మధ్యలో మీరు ఫోన్ తీశారు. నేను ఆపేశాను, అది మీరు గమనించలేదు. నా మనసు చిన్నబోయింది. రోజంతా మనం ఒకచోట కూర్చునేది ఆ అరగంటే. ఆ కాసేపు ఇద్దరి ఫోన్లూ టీవీ దగ్గర పెట్టేద్దామా?”

మొదటిదాంట్లో మూడు పొరపాట్లు ఉన్నాయి. “ఎప్పుడు చూసినా” అనగానే వినేవారు తాము ఫోన్ చూడని ఒక రోజును వెతికి చూపిస్తారు, వాదన ఆ రోజు చుట్టూ తిరుగుతుంది. “నాకంటే ఎక్కువ” అన్నది ప్రేమ మీద వేసిన అభియోగం, దానికి జవాబు ఫోన్ పక్కన పెట్టడం కాదు. ఇక బావగారితో పోలిక తెచ్చాక ఎంత మంచి మాటైనా చెవికెక్కదు.

మీ కాగితాన్ని బయటికి తీసి “ఇదిగో, ఐదుసార్లు” అని చదవకండి. అది మీకు స్పష్టత రావడానికి రాసుకున్నది. ఎదుటివారికి అది ఛార్జిషీటులా కనిపిస్తుంది.

అడగడం పూర్తయ్యాక మౌనంగా ఉండండి. ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని పూడ్చడానికే చాలామంది పాత సంగతులు ఒక్కొక్కటిగా తవ్వుతారు. ఎదుటివారికి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వండి.

5. వచ్చే జవాబులు, మీరు అనవలసినవి

“ఆఫీసు పని, నేనేం చేయను?” అంటే కాదనకండి, అందులో కొంత నిజం ఉంటుంది. “నిజమే, ఆఫీసు ఫోన్ వస్తే ఎత్తాల్సిందే. మరి మిగతావి ఎలా ఆపుదాం?” అని అడిగి తరువాతి మెట్టుకు వెళ్ళండి.

“నువ్వు మాత్రం రీల్స్ చూడవా?” అంటే ఆ కాగితం మీద మీ గురించి రాసుకున్నది ఇప్పుడు పనికి వస్తుంది. “చూస్తున్నాను, ఒప్పుకుంటాను. అందుకే ఇద్దరివీ పెట్టేద్దామంటున్నాను” అంటే ఎదురుదాడికి ఆధారం ఉండదు. “నేను చూసేది ఐదు నిమిషాలే” అన్నారా, లెక్కల తగాదా మొదలైనట్టే.

నవ్వేసి దాటవేస్తే మీరూ కాస్త నవ్వి, అదే కోరికను ఇంకొక్కసారి, అవే మాటల్లో అడగండి. ఒక్కసారే. అప్పటికీ దాటవేస్తే ఆ రోజుకు వదిలేసి రెండు మూడు రోజుల తరువాత మళ్ళీ వేళ అడగండి.

నాలుగో రకం అన్నిటికంటే మోసకరమైనది: “సరే సరే, అలాగే.” గొడవ ముగిసిందని మీరు సంతోషిస్తారు, మూడో రోజుకు ఫోన్ కంచం పక్కకు వచ్చేస్తుంది. అంత తేలిగ్గా సరే అంటే, “మీకు ఇందులో ఇబ్బంది ఏముంటుంది?” అని అడగండి. ఇబ్బంది బయటికి వచ్చాకే ఒప్పందం నిలుస్తుంది. మన జంటలో ఆయన చెప్పిన ఇబ్బంది ఇది: “ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది, మా లీడ్ ఫోన్ చేస్తే తెలియదు. అందుకే మాటిమాటికీ చూస్తాను.”

ఇంకొక మాట కూడా రావచ్చు: “ఇంటికి వచ్చాక కాసేపు ఏమీ ఆలోచించకుండా ఉండాలనిపిస్తుంది.” ఇది నిందకు తగిన సంగతి కాదు. భోజనానికి ముందు అరగంట ఎవరూ పలకరించకుండా వదిలేస్తామని మీరు మాట ఇచ్చి, దానికి బదులుగా భోజన వేళను అడగండి. ఇక భార్య రాత్రి పూట ఫోన్‌లో ఉండేది పుట్టింటివారితో మాట్లాడటానికైతే, భర్త తొందరపడి మాట తూలకూడదు. ఆమెకు అమ్మతో తీరిగ్గా మాట్లాడే వేళ రోజులో ఇంకెక్కడ ఉందో ముందు చూడాలి. లేకపోతే, వంటింటి పనిలో చేయి వేసి ఆ వేళను ముందుకు జరపడమే పరిష్కారం.

6. ఫోన్‌ను సర్దండి

మాట అయ్యాక చేయవలసిన ఈ పనిని చాలామంది వదిలేస్తారు. మోగని ఫోన్ మనిషిని ఎక్కువగా లాగుతుంది, ఎందుకంటే అందులో ఏదైనా వచ్చి ఉంటుందేమోనన్న సందేహం తీరదు. అందుకే ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లించడం కంటే, ముఖ్యమైనవారి ఫోన్ మాత్రం గట్టిగా మోగేలా పెట్టి పక్క గదిలో ఉంచడం మేలు.

ఆండ్రాయిడ్‌లో Settings లో Do Not Disturb తెరిచి, కాల్స్ విభాగంలో స్టార్ గుర్తు పెట్టిన పరిచయాలను మాత్రమే అనుమతించవచ్చు. ఆఫీసు లీడ్, అమ్మానాన్నలు, పిల్లల స్కూలు, ఈ నంబర్లకు స్టార్ పెడితే చాలు. అక్కడే Repeat callers అన్నది ఆన్ చేస్తే, ఒకే మనిషి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేసిన ఫోన్ మోగుతుంది. ఐఫోన్‌లో Settings లో Focus కింద ఇలాంటి ఏర్పాటే ఉంటుంది, అక్కడ రెండో కాల్ మూడు నిమిషాల్లోపు రావాలి. ఫోన్ కంపెనీని బట్టి మెనూల పేర్లు కొంచెం మారతాయి. రోజూ ఒకే వేళకు దానంతట అదే మొదలయ్యేలా షెడ్యూల్ పెట్టుకుంటే గుర్తుంచుకునే పని కూడా ఉండదు. వాట్సాప్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు వంటివాటిని 8 గంటలు, ఒక వారం, లేదా ఎప్పటికీ మ్యూట్ చేయవచ్చు.

హెచ్చరిక: ఈ మార్పులు ఎవరి ఫోన్‌లో వారే చేసుకోవాలి. “ఇటివ్వు, నేను పెడతాను” అని లాక్కోకండి. సర్దాక మరో ఫోన్ నుంచి ఒకసారి చేసి చూడండి. స్టార్ ఉన్న నంబరు మోగిందా, లేనిది మోగకుండా ఉందా? మొదటి వారంలోనే ఒక ముఖ్యమైన ఫోన్ తప్పిపోతే ఒప్పందం మొత్తం ఆ రోజుతో సరి.

7. ఒక్క వాక్యపు ఒప్పందం, ఒక సైగ

ఒప్పందం ఒక వాక్యంలో ఇమడాలి, మినహాయింపులతో సహా. మన జంట కుదుర్చుకున్నది ఇది: “రాత్రి కంచాలు పెట్టినప్పటి నుంచి తీసేదాకా ఇద్దరి ఫోన్లూ టీవీ పక్కన ఉంటాయి, లీడ్ ఫోన్ మోగితే ఎత్తవచ్చు, మాట్లాడాక మళ్ళీ అక్కడే పెట్టాలి, ఇండియా మ్యాచ్ ఉన్న రోజు దీనికి సెలవు.” ఆమె తన వంతుగా బిల్లుల చర్చను శనివారం పొద్దుటికి మార్చింది. మ్యాచ్ రోజు సెలవు ఎందుకని అనిపించవచ్చు. తప్పదని తెలిసిన ఉల్లంఘనను ముందే నియమంలో చేర్చుకుంటే, నియమం తప్పామన్న మాట రాదు.

మరిచిపోయే రోజులు ఉంటాయి కాబట్టి ఒక సైగను కూడా అనుకోండి. దాన్ని ఎంచుకోవలసింది ఎక్కువగా మరిచిపోయే మనిషే. బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టడం వంటిది ఏదైనా సరే. భోజనానికి ఒక్కసారే సైగ, రెండోసారి ఉండదు, దానితో పాటు మాట ఉండదు, నిట్టూర్పు కూడా ఉండకూడదు. సైగ చేసినా ఫోన్ పక్కకు వెళ్ళకపోతే ఆ పూటకు ఊరుకుని, రెండు వారాలయ్యాక ఆదివారం చేసే సమీక్షలో చెప్పండి. ఒక్కసారి గుర్తుచేయడానికీ సణగడానికీ మధ్య ఉన్న గీత ఈ రెండో సారే.

ఈ రోజుల్లోనే కొన్ని పొరపాట్లు దొర్లుతాయి. “నాన్నకు చెప్పు, ఫోన్ పెట్టమని” అంటూ పిల్లలను రాయబారానికి పంపడం వాటిలో మొదటిది. పిల్లలు ఆ మాటను మరుసటి రోజు నుంచి ఎత్తిపొడుపుగా వాడతారు. ఫోన్ పెట్టిన రోజు “అమ్మయ్య, ఇవాళ గుర్తుందే!” అనడం రెండోది. అది మెచ్చుకోలు వేషంలో ఉన్న దెప్పిపొడుపు. ఫోన్ పక్కన పెట్టిన మొదటి రాత్రే మనసులో ఉన్న ఫిర్యాదులన్నీ కుమ్మరించడం అన్నిటికంటే ప్రమాదకరం. ఫోన్ లేని అరగంట అంటే చివాట్ల అరగంట అని అర్థమైపోతే మళ్ళీ ఎవరు కూర్చుంటారు? మొదటి రెండు మూడు రాత్రులు మాటలు దొరకక ఇబ్బందిగా ఉంటే ఉండనివ్వండి.

8. ఫలితాన్ని ఎలా చూడాలి

రెండు వారాలు అయ్యాక అదే ఆదివారపు వేళలో ఐదు నిమిషాలు కూర్చోండి. “ప్రేమ పెరిగిందా” అని కాక, కంటికి కనబడినవాటినే చూడండి. కలిసి చేసిన భోజనాల్లో ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి వచ్చింది? సైగ ఎన్నిసార్లు అవసరమైంది? మీరు చెప్పకుండానే ఫోన్ పక్కన పెట్టిన రోజులు ఉన్నాయా? మన జంటలో పదకొండు భోజనాలకు మూడుసార్లు ఆయన ఫోన్ బల్ల మీదికి వచ్చింది, ఒకసారి ఆమెదే వచ్చింది. ఆరింట ఐదు నుంచి ఇక్కడికి రావడం పని జరుగుతున్నదనడానికి గుర్తు. సున్నా కోసం పట్టుబట్టకండి.

సగం కూడా తగ్గకపోతే మనిషిని కాక ఒప్పందాన్ని తప్పుపట్టి మొదలుపెట్టండి: “ఈ పద్ధతి మనకు కుదరలేదు, ఎక్కడ ఇబ్బందిగా ఉంది?” వేళ తప్పుగా పడి ఉండవచ్చు, అరగంట ఎక్కువై ఉండవచ్చు. పదిహేను నిమిషాలకు కుదించి, ఇంకో రెండు వారాలు చూడండి.

అప్పటికీ మార్పు లేకపోతే మీ వైపు నుంచి చేయగలిగింది ఒకటి ఉంది. ముందుగానే ప్రశాంతంగా చెప్పండి: “నేను చెబుతుండగా ఫోన్ చూస్తే ఆపేస్తాను, పెట్టేశాక మళ్ళీ చెబుతాను.” అలాగే చేయండి, ముఖం ముడుచుకోకుండా. రోజుల తరబడి మాట్లాడకుండా ఉండటం దీనికి పూర్తిగా వేరు. అది శిక్ష, దానివల్ల ఎదుటి మనిషి ఫోన్‌లోకి ఇంకా లోతుగా వెళతారు.

ఈ పద్ధతి పనిచేయని సందర్భాలు ఉన్నాయి. నిద్ర మానుకుని ఫోన్ చూడటం, ఫోన్ దూరమైతే విపరీతమైన కోపం, ఖాతాలో డబ్బు లెక్క తెలియకుండా తగ్గడం, బెట్టింగ్ లేదా అప్పుల యాప్‌ల ఆనవాళ్ళు, వీటిలో ఏది కనిపించినా సమస్య భోజన వేళది కాదు. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఫోన్ మాట ఎత్తితే చేయి లేస్తుందన్న భయం ఉన్న ఇంట్లో పైన చెప్పిన మెట్లు ఏవీ ప్రయత్నించకండి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ పగలూ రాత్రీ అందుబాటులో ఉంటుంది. దాపరికం గురించి అనుమానం ఉంటే దాన్ని అనుమానంగానే, వేరే రోజున, సూటిగా అడగాలి. భోజనం దగ్గర ఫోన్ అన్న సాకుతో దాన్ని అడగబోతే రెండు సంగతులూ తేలవు.